‘ఆడిటర్ సాబ్’ను అడగాల్సిన కాగితం

కరీంనగర్, ఆదిలాబాద్ బజార్లలో పన్ను రిటర్నులు వేసే ప్రతి ఒక్కరినీ ‘ఆడిటర్ సాబ్’ అనే పిలుస్తారు. ఆయన నిజంగా చార్టర్డ్ అకౌంటెంటా, జీఎస్టీ ప్రాక్టీషనరా, లేక కంప్యూటర్ తెలిసిన కుర్రాడా అని ఎవరూ అడగరు. రిటర్నులు సాఫీగా వెళ్తున్నంత కాలం ఆ తేడా కనపడదు. నోటీసు వచ్చి, అధికారి ముందు ఎవరో ఒకరు నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

రెండు సర్టిఫికెట్ల విషయంలో జనం ఎక్కువగా పొరపాటు పడుతున్నారు. ఒకటి ఆదాయపు పన్ను వైపుది. 2006లో కేంద్రం తెచ్చిన స్కీమ్ కింద శిక్షణ పొందిన వారిని ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్, పొట్టిగా టీఆర్‌పీ అంటారు. ఆడిట్ అవసరం లేని వ్యక్తుల రిటర్ను తయారుచేసి, దాని మీద తన నంబరు వేసి సంతకం పెట్టడం ఈయన పని. అధికారి ముందు మీ తరఫున వాదించే హక్కు ఈ సర్టిఫికెట్‌తో రాదు. ఆదాయపు పన్ను చట్టంలో ప్రతినిధుల జాబితా వేరే ఉంది. బంధువు, జీతానికి ఉన్న ఉద్యోగి, వకీలు, సీఏ వంటి వారు అందులోకి వస్తారు.

రెండోది జీఎస్టీ ప్రాక్టీషనర్ సర్టిఫికెట్. పీసీటీ-01 ఫారంతో అప్లై చేస్తే, అధికారి పరిశీలించి పీసీటీ-02లో ఇస్తారు. ఈయన రిటర్నులు వేయవచ్చు, హియరింగుకూ రావచ్చు. అయితే ఆ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ప్రతి క్లయింటూ తనను నియమించుకున్నట్టు పీసీటీ-05 ఫారంలో అనుమతి ఇవ్వాలి. అధికారి అడిగితే ఆ కాపీ చూపించాలి. రీఫండు అడిగినా, రిజిస్ట్రేషన్ మార్చమన్నా, రద్దు చేయమన్నా, వ్యాపారి పోర్టల్‌లో ‘ఔను’ అనేదాకా ఆ దరఖాస్తు ముందుకు కదలదు.

మన దగ్గర చాలామంది ఈ దారిలో వెళ్లరు. లాగిన్, పాస్‌వర్డ్ మొత్తం ఆడిటర్ చేతిలో పెట్టేస్తారు. రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఆయనవే ఉంటాయి. దాంతో ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక బట్టల దుకాణం ఉందనుకుందాం. నడిపేది భర్త, రిజిస్ట్రేషన్ భార్య పేరిట. ₹1,80,000 పన్ను కట్టాలని నోటీసు పోర్టల్‌లో పడింది. మెసేజ్ ఆడిటర్ ఫోన్‌కి వెళ్లింది, ఆయన పట్టించుకోలేదు. జవాబు లేకపోయేసరికి జనవరి 5న ఆర్డరు వచ్చింది. అప్పీలుకు మూడు నెలల గడువు, అంటే ఏప్రిల్ 5 వరకు. తగిన కారణం చూపితే మరో నెల, మే 5 దాకా. అప్పటికి వెళ్లి ఉంటే, వివాదంలో ఉన్న పన్నులో పది శాతం, ₹18,000 కట్టి అప్పీలు వేసుకునేవారు. కానీ జూన్‌లో బ్యాంకు ఖాతా ఆగిపోయాకే ఇంట్లో వాళ్లకు తెలిసింది. ఇక మిగిలింది హైకోర్టు దారే, అక్కడ ఊరట దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

‘మాకు తెలియదు సాబ్, అంతా ఆడిటరే చూసుకున్నాడు’ అంటే అధికారి వినరు. ప్రాక్టీషనర్ వేసిన రిటర్నులో తప్పుంటే బాధ్యత రిజిస్టర్ అయిన వ్యక్తిదేనని జీఎస్టీ చట్టం 48వ సెక్షన్ చెబుతోంది. పై ఉదాహరణలో ఆ వ్యక్తి భార్య. దుకాణం లెక్క ఆమె ఎన్నడూ చూడకపోయినా సరే, నోటీసు ఆమె పేరునే వస్తుంది.

సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. జీఎస్టీ పోర్టల్‌లో Services, User Services కింద Locate GST Practitioner ఉంది. మీ ఆడిటర్ పేరు అందులో ఉందో లేదో చూడండి. లాగిన్ అయ్యాక అదే చోట Engage / Disengage GST Practitioner ద్వారా ఆయనను పెట్టుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. View Additional Notices/Orders అనే చోట నెలకొకసారైనా మీరే చూడండి, కొన్ని నోటీసులు అక్కడే పడి ఉంటాయి. ఫోన్, ఈమెయిల్ ఆడిటర్‌వి అయితే మీవిగా మార్పించుకోండి. ఆయన లాగిన్ ఇవ్వకపోతే, గుర్తింపు కాగితాలతో మీ సర్కిల్ అధికారి దగ్గరికి వెళ్తే కొత్త నంబరు, ఈమెయిల్ ఎక్కిస్తారు.

హియరింగుకు డబ్బు పెట్టి ఎవరినో పంపాలనీ లేదు. జీఎస్టీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి ఉంటే బంధువు, దుకాణంలో పనిచేసే ఉద్యోగి కూడా వెళ్లవచ్చు. ఆదిలాబాద్‌లో అమ్మీ పేరిట షాపు ఉంటే, లెక్కలు తెలిసిన కొడుకే ఆమె తరఫున మాట్లాడవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం ఎవరినీ పంపలేరు. ప్రమాణం చేయించి విచారించడానికి స్వయంగా రమ్మని పిలిస్తే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉందో వాళ్లే వెళ్లాలి.