బోలు గొలుసు కొనే ముందు తూకం అడగండి

అన్నలూ తమ్ముళ్లూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. చాయ్ టైంలో చదవండి.

మా సైట్లో పనిచేసే ఒక తమ్ముడు పోయిన క్రిస్మస్ ముందు భార్య కోసం తాడు అల్లికలాంటి బంగారు గొలుసు కొన్నాడు. ఇక్కడోళ్లు దాన్ని కోర్డెల్‌కెట్టె అంటరు. చూడ్డానికి చిటికెన వేలిలో సగం లావు, రెండు తులాల పైనే ఉంటదని మేమందరం అనుకున్నాం. చేతిలోకి తీసుకుంటే తేలిపోయింది. నేను అప్పుడే అడిగిన, "తమ్మీ, ఎన్ని గ్రాములు?" అని. "తెల్వదన్నా, కానీ ముద్ర ఉంది చూడు" అన్నాడు. ముద్ర నిజమే, 585 అని కొట్టి ఉంది. కొక్కెం దగ్గరి చీటీ తిప్పి చూస్తే చిన్న అక్షరాలతో 'హోల్' అని రాసి ఉంది. జర్మన్‌లో హోల్ అంటే బోలు, లోపల ఖాళీ. గట్టిదైతే 'మాసీఫ్' అని రాస్తరు. షాపువాళ్లు దాచలేదు, మోసం చేయలేదు. మనవాడికి ఆ మాట తెలియదు, అంతే.

ఇక్కడే మనోళ్లు చాలామంది పొరపడతరు. ముద్ర చెప్పేది స్వచ్ఛత ఒక్కటే. 585 అంటే వెయ్యి పాళ్లలో 585 పాళ్లు బంగారం, మన లెక్కలో 14 క్యారెట్. ఇక్కడ 333 కూడా బంగారం పేరుతోనే అమ్ముతరు, అది 8 క్యారెట్. మన ఇంటికాడ 22 క్యారెట్‌కి 916. ఈ నంబర్లలో ఏదీ లోపల గట్టిగా ఉందా ఖాళీగా ఉందా అని చెప్పదు. మన దేశంలో హాల్‌మార్క్‌తో వచ్చే ఆరక్షరాల హెచ్‌యూఐడీ కూడా ఆ సంగతి చెప్పదు.

బోలు గొలుసు ఎట్ల చేస్తరో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమైతది. పల్చటి బంగారు రేకుని రాగి లేదా ఇనుప తీగ చుట్టూ గొట్టంలా చుడతరు. దాన్ని సన్నటి రంధ్రాల గుండా లాగి కావలసిన లావుకి తెస్తరు. ఆ తీగని మిషన్ కత్తిరించి కడియాలుగా వంచి ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటూ పోతది. అతుకులు టంకం పెట్టినంక గొలుసు మొత్తం యాసిడ్‌లో వేస్తరు. లోపలి రాగో ఇనుమో కరిగిపోతది, బంగారపు పెంకు మిగులుతది. నేను స్టుట్‌గార్ట్ వైపు పనిచేసినప్పుడు ఒక ఆదివారం ఫోర్జ్‌హైమ్ పోయిన. 1767లో ఒక అనాథాశ్రమంలో మొదలైన నగల పని ఆ ఊరికి 'బంగారు నగరం' అని పేరు తెచ్చింది. అక్కడి మ్యూజియంలో పాత మిషన్లు చూస్తే, చెయ్యి పెట్టే పని ఎంత తగ్గిందో తెలుస్తది.

ఇప్పుడు మన భాషలో చెప్తా. స్కాఫోల్డింగ్ పైపు 48 మిల్లీమీటర్ల లావు, గోడ మందం 3 మిల్లీమీటర్ల పైన. దానికి సొట్ట పడితే మనం ఏం చేస్తం? పక్కన పడేస్తం, ఎందుకంటే సొట్ట దగ్గరే పైపు మడతపడుతది. అది ఉక్కు. ఇక గొలుసు తీగ 3 మిల్లీమీటర్ల లావు, గోడ 0.15 మిల్లీమీటర్ అనుకోండి, అంటే రెండు కాగితాల మందం కూడా లేదు. అదే లావు గట్టి తీగతో పోలిస్తే ఇందులో బంగారం ఐదో వంతే ఉంటది. అదీ మెత్తటి లోహం, టంకం వేడికి ఇంకా మెత్తబడి ఉంటది. పల్చని రేకు గోడ మందం సగానికి తగ్గితే, దాన్ని వంచడానికి దాదాపు నాలుగో వంతు బలం చాలు. అందుకే పిల్ల మెడ పట్టుకుని గుంజినా, దిండు కింద పడి పైన మనిషి పడుకున్నా నొక్కు పడుతది.

గట్టి గొలుసుకి నొక్కు పడితే అవుసులాయన తట్టి సరిచేస్తడు. బోలుదాంట్లో లోపలికి పనిముట్టు పోదు, వెనక నుంచి తట్టే దారి లేదు. ఇంకో ఇబ్బంది అరుగుదల. కడియాలు ఒకదానికొకటి రాసుకునే చోట గట్టి తీగ సగం అరిగినా గొలుసు మోస్తది. బోలుదాంట్లో గోడ అరగ్గానే రంధ్రం పడుతది. లోపలికి చెమట, సబ్బునీళ్లు పోతయి. తెగినంక అతకమని ఇస్తే, లోపల నీళ్లు ఆవిరై పగులుతదని, గోడ కరిగిపోతదని చాలామంది ముట్టుకోరు. మా తమ్ముడి గొలుసుకి ఏడు నెలల్లో మూడు చోట్ల నొక్కులు పడ్డయి, ఒక చోట కడియం తెరుచుకుంది. రెండు షాపులు తిరిగి పంపినయి.

వాళ్ల నాయన ఆపరేషన్‌కి పైసలు కావాల్సి వచ్చి అమ్ముదామని పోతే అసలు సంగతి బయటపడ్డది. రేటు రోజూ మారుతది కాబట్టి లెక్క సులువు కోసం స్వచ్ఛమైన బంగారం గ్రాము 100 యూరోలు అనుకుందాం. గొలుసు 12 గ్రాములు, 585. అంటే అసలు బంగారం 7 గ్రాములు, విలువ 702 యూరోలు. వాడు కట్టింది 1190. అందులో 190 ఇక్కడి 19 శాతం పన్ను, అది ఎప్పటికీ రాదు. మిగిలిన 1000లో దాదాపు 300 మజూరీ, షాపు లాభం. అదీ రాదు. కొనేవాడు తన ఖర్చు, లాభం పట్టుకుని నూటికి తొంభై ఇస్తే చేతికి వచ్చేది 632. నొక్కులు లేకపోతే పాత నగగానే ఇంకొకరికి అమ్ముకునే అవకాశం ఉండేది. ఇప్పుడది కరిగించడానికే పోతది.

ఊరికి తీసుకుపోయి అమ్మితే మంచిదేమో అని అడిగాడు. 22 క్యారెట్ అలవాటున్న మన షాపులు 14 క్యారెట్ చూస్తే ముందు కరిగించి చూస్తం అంటరు. బోలు గొలుసులో బంగారం తక్కువ, అతుకులు మాత్రం అన్నే, కాబట్టి టంకం వాటా ఎక్కువ. ఆ టంకం తక్కువ క్యారెట్‌దైతే కరిగినంక ముద్ర మీది నంబర్ కంటే తక్కువ రావచ్చు. మన ఊర్లలో కొన్న తేలిక మిషన్ గొలుసులకీ ఇదే కథ. పైగా గ్రాముకి తరుగు శాతం సాదా గొలుసు కంటే ఎక్కువ వేస్తరు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. బోలు అంటే నకిలీ కాదు, తూకంలో ఉన్న బంగారం నిజమైనదే. పెద్ద జూకాలు, లావు కమ్మలు బోలువే మేలు, గట్టివి అయితే చెవి తెగుతది. వాటికి మెడలో గొలుసులాగా గుంజుడు ఉండదు. కానీ రోజూ వేసుకునే గొలుసు, అవసరానికి కుదువ పెడదాం అనుకునే గొలుసు బోలుది కొనడం నాకైతే నచ్చదు. ఫొటోలో లావుగా కనపడాలని మనం గోడ మందాన్ని అమ్ముకుంటున్నం.

షాపులో అడగాల్సినవి రెండే. గ్రాములు ఎన్ని, హోలా మాసీఫా. 'హాల్బ్ మాసీఫ్' అంటే సగం గట్టి, అది కూడా లోపల ఖాళీ ఉన్నదే. గ్రాములు తెలిసినంక ధరని గ్రాములతో భాగించండి. పక్కన అదే ముద్ర ఉన్న గట్టి సన్న గొలుసుకీ అట్లే చేయండి. తమ్ముడు కొన్న షాపులోనే 12 గ్రాముల గట్టి గొలుసు 1010కి ఉండె. సన్నగా ఉందని వదిలేసిండు. అది కొన్నా అమ్మేటప్పుడు వచ్చేది అదే 632, కానీ పోయేది 180 తక్కువ, నొక్కులు లేకుండా ఇంకా మెడలో ఉండేది.

చివరికి వాడు గొలుసు అమ్మలేదు. ఆపరేషన్‌కి మేమే తలా కొంత వేసుకున్నం. పోయిన వారం వాడి భార్య వీడియో కాల్‌లో కనిపించింది, మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. గొలుసు ఏదమ్మా అని అడిగితే, "డబ్బాలో పెట్టిన బావా, ముట్టుకుంటే నొక్కుపడుతుంది" అంది.