పన్ను పీకించుకునే ముందు డాక్టర్‌ను ఈ మాట అడగండి

అన్నలూ తమ్ముళ్లూ, పన్ను నొప్పి వస్తే మనం ఏం చేస్తున్నం? రెండు రోజులు గోలీలు మింగుతం, మూడో రోజు పీకించుకొని డ్యూటీ ఎక్కుతం. ఇంప్లాంట్ సంగతి లీవుకు పోయినప్పుడు చూద్దాం అనుకుంటం. ఆ లెక్క తప్పని మాకు మా రూములోనే తెలిసింది.

మా రూము తమ్ముడు ఒకడు షార్జాలో పైదవడ దంతం పీకించుకున్నడు. రెండేళ్లకు 45 రోజుల లీవు మీద జగిత్యాల పోయి స్కాన్ తీయిస్తే, అక్కడ ఎముక ఎత్తు 3 మిల్లీమీటర్లే ఉంది. మామూలు ఇంప్లాంట్‌కు 8 నుంచి 10 దాకా కావాలె.

మిగతా ఎముక ఎటు పోయింది? పంటి వేరుకు, ఎముకకు నడుమ సన్నని నారలు ఉంటయి. వేరు చుట్టూ ఉన్న పలుచని ఎముక ఆ నారల మీదనే బతుకుతది. పన్నుతో పాటు నారలూ పోతయి, ఎముక కరుగుతది. చెంప వైపు గోడ చాలామందికి పలుచన, ముందు అదే పోతది. 6 నెలల్లో వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. పైదవడ వెనుక భాగంలో ఇంకో చిక్కు. వేర్ల మీద సైనస్ అనే గాలి గది ఉంటది, పన్ను పోయినంక అదీ కిందికి దిగుతది.

తమ్మునికి సైనస్ లిఫ్ట్ చేయాలన్నరు. పక్క నుంచి ఎముకలో చిన్న కిటికీ తీసి, సైనస్ లోపలి పొరను చిరగకుండా మెల్లగా పైకి లేపి, కింద ఎముక పొడి నింపుతరు. అంత తక్కువ ఎముక ఉంటే అది గట్టిపడేదాకా 6 నెలలు ఆగి ఇంప్లాంట్ వేస్తరు, పైపన్ను కోసం మళ్లీ కొన్ని నెలలు. కొన్నాళ్లు ముక్కు గట్టిగ చీదొద్దు, విమానం ఎప్పుడు ఎక్కొచ్చో డాక్టరే చెప్పాలె. 45 రోజుల్లో అయ్యే పనేనా? పొర చిరిగితే ఇంకా ఆలస్యం. తమ్ముడు ఖాళీ చిగురుతోనే తిరిగొచ్చిండు.

పీకిన రోజే సాకెట్ ప్రిజర్వేషన్ చేయించుకుంటే కథ వేరే ఉండేదేమో. గుంతను శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, పైన కొలాజెన్ పొర కప్పి కుట్టేస్తరు. 4 నుంచి 6 నెలలకు ఇంప్లాంట్‌కు చూస్తరు. ఎముక తగ్గుడు పూర్తిగ ఆగదు, కానీ చాలా వరకు మిగులుతది. చీము బాగా ఉంటే ముందు అది తగ్గాలె. సిగరెట్ తాగేటోళ్లకు సరిగ్గా మానదు. పొడి ఆవు ఎముకదో పంది ఎముకదో కావచ్చు, పట్టింపు ఉంటే ముందే అడగండి.

అందరికీ ఇది కావాలని మేము అనం. జ్ఞానదంతానికి అక్కరలేదు. ఇంప్లాంట్ వేయించుకునే ఆలోచనే లేకుంటే ఈ ఖర్చు దండుగ. కానీ నమిలే పన్ను అయితే, పట్టకారు పట్టకముందే "ఇక్కడ తర్వాత ఇంప్లాంట్ వేయించుకుంట, గుంత నింపుతరా, ఎంతైతది?" అని అడగండి. నింపితే ఏ పొడి వాడిండ్రో, ఏ తారీఖో చీటీ మీద రాయించుకొని ఎక్స్‌రేతో పాటు దాచుకోండి. ఊర్లో డాక్టర్ మొదట అడిగేది అదే.