హోమ్‌లోన్ ముందే కట్టేయాలా.. సిప్ చేయాలా? అనంత ఉద్యోగి లెక్క ఇదీ!

జీతం పెరిగింది, నెలకు రూ.10 వేలు మిగులుతోంది. ఇల్లు కొన్న ప్రతి ఉద్యోగికీ ఇక్కడే డౌట్ మొదలవుతుంది. ఆ డబ్బు బ్యాంకుకు కట్టాలా? ఈక్విటీ ఫండ్‌లో వేయాలా?

అనంతపురంలో 42 ఏళ్ల ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. లోన్ బాకీ రూ.25 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు ఇంకా 15 ఏళ్లు. ఈఎంఐ సుమారు రూ.24,600.

ఈఎంఐతో పాటు ఆ రూ.10 వేలు కూడా నెలనెలా కడితే అప్పు ఎనిమిదిన్నరేళ్లలో తీరిపోతుంది. వడ్డీలో దాదాపు రూ.9 లక్షలు మిగులుతాయి. అదే డబ్బు సిప్‌లో వేస్తే, ఏటా 12 శాతం వస్తుందనుకుంటే 15 ఏళ్లకు రూ.50 లక్షలవుతుంది. ఇది చూసి చాలామంది సిప్‌కే ఓటేస్తారు.

అసలు తేడా ఇక్కడే!

ఈ పోలిక సగమే. ముందే అప్పు తీర్చినవారికి మిగతా ఆరున్నరేళ్లు నెలకు రూ.34,600 చేతిలో ఉంటుంది. దాన్ని అదే ఫండ్‌లో వేస్తే దాదాపు రూ.41 లక్షలు వస్తాయి. అంటే తేడా రూ.9 లక్షలే. మొత్తం ఒకేసారి తీస్తే, లాభంలో రూ.1.25 లక్షలు దాటిన దానిపై 12.5 శాతం పన్ను పోయాక ఆ తేడా రూ.7 లక్షల లోపే. ఫండ్ 8 శాతమే ఇస్తే లెక్క తిరగబడుతుంది. అప్పు తీర్చినవారే సుమారు లక్ష ముందుంటారు.

అప్పు కడితే వచ్చే 8.5 శాతం గ్యారంటీ. ఫండ్‌కు ఆ గ్యారంటీ లేదు. 2020 మార్చికల్లా సెన్సెక్స్ రెండు నెలల్లోనే మూడో వంతుకు పైగా పడింది.

కరువు సీమలో ఇంకో చిక్కు

ఇక్కడ చాలామంది ఉద్యోగుల వెనుక ఊళ్లో వేరుశనగ చేను ఉంటుంది. వాన ముఖం చాటేస్తే, బోరు ఎండిపోతే ఇంటికి డబ్బు పంపాల్సింది ఆ జీతగాడే. లోన్‌లో కట్టేసిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. ఫండ్‌లో ఉన్నదేమో మార్కెట్ పడినప్పుడే అమ్మాల్సి రావచ్చు. అందుకే ముందు ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టుకోవాలి. తర్వాతే ఈ ప్రశ్న.

ఎవరికి ఏది?

సొంతింట్లో ఉంటూ కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి వడ్డీపై మినహాయింపు లేదు. రిటైర్మెంట్ దాకా ఈఎంఐ సాగేట్టుంటే వీరికి అప్పు తీర్చడమే మేలు. పాత విధానంలో ఏటా రూ.2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు పొందేవారికి అప్పు అసలు ఖర్చు తగ్గుతుంది. పదేళ్లకు పైగా డబ్బు కదపకుండా ఉంచగలిగితే వీరు సిప్ వైపు చూడొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఫ్లోటింగ్ రేటు లోన్‌పై ముందస్తు చెల్లింపునకు పెనాల్టీ ఉండదు. కానీ ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని బ్యాంకుకు రాసివ్వాలి. తర్వాత స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలల సంఖ్య తగ్గిందో లేదో చూసుకోవాలి.