‘బాకీ 300’ని ఇంగ్లిష్‌లో ఏమని రాస్తారు?

మన గ్రూపులో ఎవరికి వీసా పని పడినా ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే ఫోన్ వస్తుంది. "వదినా, శాలరీ సర్టిఫికెట్ ఒక్కటి రాసిపెట్టవా" అంటారు. రాసిపెట్టడం మంచిదే. కానీ జీతాల పుస్తకంలోని తెలుగును మాటకు మాట ఇంగ్లిష్ చేస్తే అది సర్టిఫికెట్ అవదనే నేనంటాను. మొన్న నాకు ఎదురైనదే చెబుతాను.

దోహాలో మన తెలుగావిడ ఒకరు కుట్టు షాపు నడుపుతారు. జీతాలు బ్యాంకు ద్వారానే వేస్తారు, లెక్క మాత్రం తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటారు. అక్కడ పనిచేసే చెల్లెలు లండన్‌లో ఉన్న అక్క దగ్గరికి విజిట్ వీసా పెట్టుకుంటోంది. ఏప్రిల్ నెల లైను ఇలా ఉంది: "జీతం 2000, ఇల్లు 800, తిండి 400, ఓటీ 150, అడ్వాన్స్ 300, చేతికి 3050, బాకీ 300."

షాపావిడ ముందే ఒక డ్రాఫ్ట్ రాసి పెట్టారు. నెల జీతం 3,050 రియాళ్లు, డ్యూస్ 300 రియాళ్లు అని. రెండూ తప్పే.

మొదటిది చూడండి. 3,050 ఆ ఒక్క నెల చేతికి వచ్చిన డబ్బు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఓటీ లేదు కాబట్టి బ్యాంకులో పడింది 2,900 చొప్పున. సర్టిఫికెట్‌లో 3,050 అనీ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 2,900 అనీ కనిపిస్తే వీసా ఆఫీసరు ఏది నమ్మాలి? మనం పుస్తకంలో మొదట రాసే "జీతం" అసలు బేసిక్ మాత్రమే. కాంట్రాక్టులో ఉన్న నెల జీతం 2,000, 800, 400 కలిపి 3,200. సర్టిఫికెట్‌లో పైన రావాల్సింది అదే, మూడు భాగాలూ విడివిడిగా. ఓటీ ప్రతి నెలా రాదు కాబట్టి దాన్ని అందులో కలపకూడదు.

రెండోది "బాకీ". తెలుగులో ఎవరు ఎవరికి బాకీ అనేది పుస్తకం రాసినవాళ్లకే తెలుసు. ఈ అమ్మాయి జనవరిలో 1,200 రియాళ్లు అడ్వాన్స్ తీసుకుంది. నెలకు 300 కోత. ఏప్రిల్ కోత పోయాక ఆమె ఇంకా కట్టాల్సింది 300. దాన్ని డ్యూస్ అని వదిలేస్తే షాపే ఆమెకు జీతం ఎగ్గొట్టినట్టు చదువుకోవచ్చు. ఖతార్‌లో జీతాలు వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ కింద బ్యాంకు ద్వారా పడతాయి, ఆలస్యమైతే యజమానికి చిక్కు. ఆ మాట కాగితం మీదకి ఎందుకు? అందుకే ‘శాలరీ అడ్వాన్స్ రికవరీ’ అని రాసి, కింద ఒక వాక్యం పెట్టాం: ఫిబ్రవరి నుంచి నెలకు 300 కోత, మే నెలతో పూర్తి. ఇప్పుడు 3,200లోంచి 300 తీస్తే 2,900. ఏప్రిల్‌లో ఓటీ 150 కలిపితే 3,050. స్టేట్‌మెంట్‌తో మూడు నెలలూ సరిపోయాయి. పంపేముందు ఈ తీసివేత మీరూ చేసి చూసుకోండి. ఎక్కడ సరిపోకపోతే అక్కడ ఏదో ఒక మాట తప్పుగా చదివినట్టే.

"వీసా కోసం కదా, ఓ 4,500 రాసేయ్" అనేవాళ్లూ ఉంటారు. బ్యాంకు కాగితం పక్కనే ఉంటుందమ్మా. బ్రిటన్ వీసాలో మోసం చేశారని తేలితే పదేళ్ల దాకా మళ్లీ వీసా రాకుండా పోవచ్చు. అది రాసిపెట్టిన మనకి కాదు, ఆ అమ్మాయికి.

ఇక సంతకం. సర్టిఫికెట్ యజమాని మాట. లెటర్‌హెడ్ మీద, కంపెనీ స్టాంపుతో, ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డులో సంతకానికి పేరున్న మనిషే పెట్టాలి. అందులో పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, ఉద్యోగం, చేరిన తేదీ, జీతం, సెలవు తేదీలు ఉంటే చాలు. పుస్తకంలో "కె. లక్ష్మి" అని ఉందని అలాగే దింపొద్దు. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి, 05/06 అంటే ఏ నెలో తేలదు.

నోటుబుక్కు పేజీ కూడా జతచేయాలనుకుంటే అది వేరే కాగితం. అక్కడ మీది అనువాదం. ఉన్నది ఉన్నట్టు, "బాకీ"తో సహా, పూర్తిగా అనువదించి, ఇది సరైన అనువాదమని రాసి, మీ పూర్తి పేరు, సంతకం, తేదీ, ఫోను లేదా ఈమెయిలు ఇవ్వాలి. బ్రిటన్ వీసాకి ఇవన్నీ అడుగుతారు. ఈ రెండు కాగితాలనీ కలిపేసి యజమాని సర్టిఫికెట్ మీద మీరు సంతకం పెట్టడం, మీ అనువాదం కింద యజమాని స్టాంపు వేయడం, రెండూ వద్దు.

అందుకే ఈసారి ఫోన్ వస్తే ఇంగ్లిష్ మొదలుపెట్టకముందు ఆ పుస్తకం రాసినావిడకే ఒక ఫోన్ చేయండి. "ఈ బాకీ ఎవరిదండీ?" అని అడగండి.