రెండవ సరుకు చేర్చేముందు కూర్చుండి లెక్క చూడండి



ఇంటిదగ్గర పచ్చళ్లు పెట్టి అమ్ముకుంటున్న ఒక సహోదరి ఈ నెల మనకు ఉత్తరం రాశారు. ఆమె ఆవకాయ, మాగాయ, గోంగూర, నిమ్మకాయ పచ్చళ్లను పావుకిలో సీసాల్లో నింపి 12 దుకాణాలకు ఇస్తున్నారు. దుకాణదారులు అడుగుతున్నారని ఇప్పుడు పొడులు కూడా మొదలుపెట్టాలనుకుంటున్నారు. కంది, కరివేపాకు, గోంగూర, పల్లీ, నువ్వుల పొడులు, మొత్తం అయిదు రకాలు, ఒక్కొక్కటి 100 గ్రాములు, 250 గ్రాముల ప్యాకెట్లలో. చేతిలో 75,000 రూపాయలు ఉన్నాయి. "అక్టోబరులో మొదలుపెట్టమంటారా?" అని అడిగారు. చిన్న వ్యాపారం చేసుకుంటున్న చాలామందికి ఈ ప్రశ్న ఉంటుంది కాబట్టి ఈ నెల శీర్షికంతా దీనికే కేటాయిస్తున్నాను.

లూకా సువార్త 14వ అధ్యాయంలో, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. మనమూ అలాగే కూర్చుందాం.

ఆ 75,000లో మీది ఎంత?

పచ్చళ్ల వ్యాపారంలో డబ్బు ఏడాదికి ఒక్కసారే తిరుగుతుంది. మే నెలలో కాయ, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు అన్నీ ఒకేసారి కొనాలి. ఈ సహోదరి 300 కిలోల మామిడికాయ పచ్చడి పెడతారు. కిలోకు 200 రూపాయల చొప్పున 60,000 అవుతుంది. ఆ డబ్బు సీసా సీసాగా మళ్లీ మార్చి వరకు వస్తూ ఉంటుంది. కనుక అక్టోబరులో చేతిలో కనిపిస్తున్న 75,000లో 60,000 వచ్చే మే నెలకు విత్తనం. దానిని ఇప్పుడు ఖర్చుచేసి మే నాటికి తిరిగి రాకపోతే ఆవకాయ సగమే పెట్టగలరు. ఆవకాయ సగమైతే ఏడాదంతా ఆదాయం సగమే. జూనులో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలని కూడా ఆమె రాశారు.

కాబట్టి పొడులకు ఉన్నది 15,000 మాత్రమే. మొదట ఈ గీత గీసుకోండి. తరువాతి నిర్ణయాలన్నీ ఈ గీత లోపలే జరగాలి.

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

పప్పులు, మిరపకాయల్లో డబ్బు పోతుందని మనం అనుకుంటాం. అసలు ఇరుక్కునేది కవర్లలోనూ, దుకాణాల అరల్లోనూ.

రంగుల్లో అచ్చువేసిన కవర్లకు ప్రింటరు ఆమెకు చెప్పిన లెక్క ఇది: ఒక్కో డిజైనుకు కనీసం 2,000 కవర్లు తీసుకోవాలి, కవరు 3 రూపాయలు. అయిదు పొడులు, రెండు సైజులు కలిపి పది డిజైన్లు. అంటే 60,000 రూపాయలు. మామిడికాయ డబ్బంతా ఖాళీ కవర్ల రూపంలో అటకమీద ఉంటుంది. ఒక పొడి అమ్ముడుపోక ఆపేస్తే దాని కవర్లు దేనికీ పనికిరావు.

ఇక దుకాణాలు. ఒక్కో రకం ఒక్కో సైజులో అయిదేసి ప్యాకెట్లయినా లేకపోతే అర బోసిగా ఉంటుంది. పది రకాలు, అయిదేసి, 12 దుకాణాలు అంటే 600 ప్యాకెట్లు. చిన్న ప్యాకెట్ తయారీకి 30, పెద్దదానికి 70 అనుకున్నా 30,000 రూపాయల సరుకు ఒక్క రూపాయి రాకముందే అరల మీద కూర్చుంటుంది. కవర్లూ ఇదీ కలిపితే 90,000. ఉన్నది 15,000.

ఇప్పుడు రెండే పొడులు, 100 గ్రాముల సైజు ఒక్కటే అనుకోండి. అరల మీద 120 ప్యాకెట్లు, 3,600 రూపాయలు. కవర్లు అచ్చులేని సాదావి కొని, పేరున్న స్టిక్కరు అతికిస్తే చాలు. స్టిక్కర్లు వందల్లో కూడా వేయించుకోవచ్చు.

పొడులకు మొత్తం ఎంత డబ్బు కావాలో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. వారానికి అయ్యే తయారీ ఖర్చును, డబ్బు తిరిగి రావడానికి పట్టే వారాలతో గుణించండి. దుకాణానికి వారానికి అయిదు చొప్పున 60 ప్యాకెట్లు పోతాయనుకుందాం. ప్యాకెట్‌కు కవరు, స్టిక్కరు, గ్యాసుతో కలిపి 30 రూపాయలు, వారానికి 1,800. సరుకు కొని, వేయించి, ప్యాక్ చేయడానికి ఒక వారం. దుకాణదారు డబ్బు ఇవ్వడానికి నాలుగు వారాలు. అయిదు వారాలకు 9,000. చేత్తో నొక్కే సీలింగ్ మెషీనుకు 2,500, కవర్లు, స్టిక్కర్లు కొంచెం ముందుగా కొనడానికి 1,500 కలపండి. 13,000 అవుతుంది. గీత దాటలేదు.

దుకాణదారు నాలుగు వారాలకు బదులు ఎనిమిది వారాలకు ఇస్తే 9,000 కాస్తా 16,200 అవుతుంది. అమ్మకం ఏమీ పెరగకుండానే గీత దాటిపోతారు. అందుచేత పాత బాకీ తీర్చనివారికి కొత్త ప్యాకెట్లు ఇవ్వవద్దు.

అయిదింటిలో ఏ రెండు?

గోంగూర పొడి వద్దు. పొడి మంచిది కాదని కాదు. ఇప్పటికే గోంగూర పచ్చడి ఇస్తున్నారు. దుకాణం అబ్బాయి ఫోనులో "అమ్మా, గోంగూర పది పంపండి" అంటే ఏది పంపాలి? పచ్చడి కావాలన్నవారికి పొడి వెళితే సరుకు తిరిగి వస్తుంది, మాట కూడా వస్తుంది. మొదటి విడతలో, మీ దగ్గర ఇప్పటికే ఉన్న పచ్చడి పేరు లేని పొడులనే ఎంచుకోండి.

పల్లీ, నువ్వుల పొడులు కూడా ఇప్పుడు వద్దు. వాటిలో నూనె ఎక్కువ కనుక త్వరగా ముక్క వాసన వస్తుంది. అమ్మకం ఎంత వేగంగా ఉంటుందో ఇంకా తెలియని రోజుల్లో త్వరగా పాడయ్యే సరుకు పెట్టుకోకూడదు.

మిగిలినవి కంది పొడి, కరివేపాకు పొడి. రెండూ వెల్లుల్లి లేకుండానే చేయండి. వెల్లుల్లి ఉన్నది, లేనిది అని మొదలుపెడితే రెండు రకాలు నాలుగవుతాయి.

కందిపప్పును సన్నని సెగమీద లోపలిదాకా వేగనివ్వాలి. ఒక గింజ కొరికి చూడండి. మధ్యలో పచ్చిగా ఉంటే పొడి నిలవ ఉండదు. కరివేపాకు కడిగి, నీడలో ఆరబెట్టి, గలగలలాడిన తరువాతే వేయించాలి. పొడి పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయండి. వెచ్చగా ఉండగా కట్టేస్తే కవరు లోపల చెమ్మ పట్టి వారంలో ఉండలు కడుతుంది. చేసిన ప్రతిసారీ రెండు ప్యాకెట్లు పక్కన పెట్టి, ఒకటి 30 రోజులకు, ఇంకొకటి 60 రోజులకు విప్పి వాసన, రుచి చూడండి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టవద్దు, దుకాణం అరలాంటి చోటనే ఉంచండి. మొదటి నెలల్లో గడువు తేదీ 30 రోజులకు మించి వేయవద్దు. 60 రోజుల ప్యాకెట్ కూడా బాగున్నదని రెండు మూడు విడతల్లో తేలిన తరువాతే గడువు పెంచండి.

కొనేవారు తికమకపడకుండా

పచ్చడి సీసా మీద ఏదీ మార్చవద్దు. అదే స్టిక్కరు, అదే సైజు, అరలో అదే చోటు. కొత్తది వచ్చింది కదా అని పాతదానికి కొత్త రంగు వేస్తే, ఏళ్లుగా కొంటున్నవారు "ఇది ఆవిడది కాదేమో" అని వెళ్లిపోతారు. పొడులకు మీ పేరు అదే ఉండాలి, రంగు మాత్రం వేరుగా ఉండాలి. పచ్చళ్లకు ఎరుపు ఉంటే పొడులకు పసుపు పెట్టండి. స్టిక్కరు మీద "కారం పొడి" అని రాయవద్దు. మన వైపు దానికి వట్టి మిరప్పొడి అనే అర్థం. "కంది పొడి - వేడి అన్నంలోకి, ఇడ్లీలోకి" అని రాస్తే కొనేవారికి సందేహం ఉండదు.

మీ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషనులో పచ్చళ్లు మాత్రమే ఉంటే పొడులను కూడా చేర్పించండి. ఆ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, బరువు, ధర ప్రతి ప్యాకెట్ మీద ఉండాలి.

లాభమా నష్టమా, ఎలా తెలుస్తుంది?

నోటు పుస్తకంలో ఒక్కో దుకాణానికి ఒక పేజీ పెట్టండి. ఎడమవైపు పచ్చళ్లు, కుడివైపు పొడులు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. పొడి ప్యాకెట్ దుకాణానికి 45కు ఇస్తే మీకు మిగిలేది 15. పచ్చడి సీసా తయారీకి 55, ఇచ్చేది 80, మిగిలేది 25. పొడి కొన్న మనిషి అదే రోజున పచ్చడి మానేస్తే, ఒక్కో ప్యాకెట్‌కు మీరు 10 రూపాయలు పోగొట్టుకున్నట్లే. పొడులు బాగా పోతున్నాయని సంతోషిస్తూ ఉండగానే ఇది జరగవచ్చు. ఏ దుకాణంలో పొడులు పెరిగి, పచ్చళ్లు నిరుటి ఇదే నెలకంటే తగ్గాయో ఆ పేజీలే చెబుతాయి. అక్కడ పొడులు ఆపండి.

పచ్చళ్లు తగ్గకుండా పొడులు వారానికి 60 పోతే మిగిలేది 900 రూపాయలు. తిరిగి వచ్చిన ప్యాకెట్లు, బస్సు చార్జీలు పోగా 700 అనుకోండి. పెద్ద మొత్తం కాదు. అయితే పచ్చడిలాగా ఏడాది ఆగనవసరం లేదు, అయిదు వారాలకొకసారి తిరిగే డబ్బు ఇది.

ఒక జాగ్రత్త. డిసెంబరు అమ్మకాన్ని కొలతగా తీసుకోవద్దు. క్రిస్మస్‌కు బంధువులకు పంపడానికి మన సంఘస్థులే ఎక్కువ కొంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎంత పోయిందో అదే నిజమైన అమ్మకం. ఫిబ్రవరి ఆఖరున లెక్క చూడండి. రెండు పొడులూ నిలబడితే మూడవది చేర్చవచ్చు, అది కూడా పొడులు సంపాదించిన డబ్బుతోనే. ఒకటి నిలబడకపోతే దానిని మానేయండి. అచ్చువేసిన కవర్లు లేవు కనుక మానుకోవడం బాధ కాదు. రెండూ నిలబడకపోయినా పోయేది ఆ 13,000లో కొంత మాత్రమే. 60,000 బ్యాంకులోనే ఉంటుంది, మే నెలలో ఆవకాయ జాడీలు ఎప్పటిలాగే నిండుతాయి.

కనుక సహోదరీ, అక్టోబరులో మొదలుపెట్టండి. రెండు రకాలతో, ఒకే సైజుతో, 13,000తో. ఫిబ్రవరి ఆఖరున ఆ నోటు పుస్తకంలోని లెక్క మాకు రాసి పంపితే, దానిని ఈ శీర్షికలో మన పాఠకులతో పంచుకుందాం. దేవుడు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక.