పంపేయొచ్చు సరే, ఎక్కడికి?

"పరాయి దేశమోళ్లు, కాగితాల్లేవు. పంపేస్తే పోలా?" అన్నాడు మా స్కూలు స్టాఫ్ రూములో ఒక తోటి పంతులు. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో బతుకుతున్న రోహింగ్యాల మీద వచ్చిన వార్త ఆయన చేతిలో ఉంది. మేం ఒక్కటే అడిగాం: పంపేయండి సరే, ఎక్కడికి? "ఎక్కడినుంచి వచ్చారో అక్కడికే" అన్నాడు. తగువంతా ఆ "అక్కడికే" అన్న మాట దగ్గరే ఉంది.

1951 జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. అందులో 33వ అధికరణం చెప్పేది ఇది: జాతి వల్లనో, మతం వల్లనో, జాతీయత వల్లనో, ఫలానా గుంపువాడు అయినందుకో, రాజకీయ అభిప్రాయం వల్లనో ఒక మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ ముప్పున్న చోటికి, ఏ రూపంలోనూ అతన్ని వెనక్కి నెట్టకూడదు. దీన్నే నాన్-రిఫూల్‌మెంట్ అంటారు. ఫ్రెంచి మాట. వెనక్కి తరమకపోవటం అని అర్థం.

ఇది ఏం చెప్పటం లేదో కూడా చూడాలి. వచ్చినోడికి పౌరసత్వం ఇమ్మనటం లేదు. ఓటు ఇమ్మనటం లేదు. శాశ్వతంగా ఉంచుకొమ్మని కూడా అనటం లేదు. తప్పు చేస్తే కేసు పెట్టొద్దనటం లేదు. ప్రమాదం లేని మూడో దేశానికి పంపే దారి మూయటం లేదు. ఒక్క తలుపు మాత్రమే మూస్తున్నది, చావువైపు తెరుచుకునే తలుపు. బయటికి పంపే అధికారం రాజ్యానికి ఉంది. ఆ అధికారానికి ఒక హద్దు ఉంది. ఇంతే సంగతి.

"మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదుగా?" అంటారు. నిజమే, చెయ్యలేదు. 1967 ప్రోటోకాల్ మీదా చెయ్యలేదు. కానీ మనకు రాజ్యాంగం ఉంది. అంబేడ్కర్ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ ముసాయిదా రాసిన ఆ రాజ్యాంగాన్ని మాటమాటా విడదీసి చదవండి. 19వ అధికరణంలో "పౌరులు" అని ఉంది. 14లో, 21లో "వ్యక్తి" అని ఉంది. ప్రాణం పోకుండా ఉండే హక్కుకు పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇది మేం అల్లిన అర్థం కాదు. కప్తాయ్ డ్యాం ముంపుతో, మతపరమైన వేధింపులతో తూర్పు పాకిస్తాన్ నుంచి 1964లో వచ్చిన చక్మాలను అరుణాచల్ ప్రదేశ్ నుంచి వెళ్లిపొమ్మని 1994లో ఒక విద్యార్థి సంఘం గడువు పెట్టింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు పోయింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడాల్సిన బాధ్యత రాష్ట్రానిదేననీ, ఏ గుంపూ వాళ్లను బెదిరించి తరమటాన్ని చూస్తూ ఊరుకోరాదనీ 1996 జనవరిలో కోర్టు తేల్చింది. 1998లో గుజరాత్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. దేశ భద్రతకు హాని లేనంతవరకు నాన్-రిఫూల్‌మెంట్ సూత్రం 21వ అధికరణంలోనే ఇమిడి ఉందని ఇద్దరు ఇరాకీల కేసులో చెప్పింది. 2021 మేలో మణిపూర్ హైకోర్టు కూడా, మయన్మార్ సైనిక తిరుగుబాటు తర్వాత పారిపోయి వచ్చినవాళ్ల కేసులో ఆ దారినే పోయింది.

అయితే అవతలి వరస తీర్పులూ ఉన్నాయి. వాటిని దాచిపెట్టం. విదేశీయుణ్ణి బయటికి పంపటంలో ప్రభుత్వానికి అపరిమితమైన అధికారం ఉందని 1991లో సుప్రీంకోర్టు అన్నది. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో, 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంది. ఆ వెంటనే, బయటికి పంపబడకుండా ఉండే హక్కు 19వ అధికరణంలోని నివాసహక్కుతో ముడిపడిందనీ, అది పౌరులకే ఉందనీ చెప్పింది. చివరికి, నిర్ణీత పద్ధతి పాటించకుండా మాత్రం పంపొద్దన్నది. వేరే దేశంలో జరిగేదాని మీద తాము వ్యాఖ్యానించలేమని కూడా అన్నది.

మా అభ్యంతరం ఇక్కడే. ఇక్కడ ఉండనివ్వమని అడగటం వేరు, అక్కడికి పంపొద్దని అడగటం వేరు. మొదటిది నివాసం సంగతి. రెండోది ప్రాణం సంగతి. రెంటినీ ఒకే మూటగట్టి 19 ఖాతాలో వేస్తే 21 ఉత్త అట్టముక్క అవుతుంది. అక్కడ ఏం జరుగుతుందో చూడకుండా పంపాలా వద్దా అన్నది తేల్చటం ఎట్లా? రోహింగ్యాలు తీవ్రమైన ముప్పులో ఉన్నారని, వాళ్లను కాపాడమని అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరి 23నే మయన్మార్‌ను ఆదేశించింది కదా!

సరే, "పద్ధతి పాటించాం" అంటారు. ఆ పద్ధతి ఎట్లుంటదో 2018 అక్టోబర్ 4న చూశాం. 2012లో పట్టుబడి సిల్చార్‌లో నిర్బంధంలో ఉన్న ఏడుగురు రోహింగ్యాలను మణిపూర్ సరిహద్దులో మోరే దగ్గర మయన్మార్‌కు అప్పగించారు. ఆపమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు అదేరోజు కొట్టేసింది. మయన్మార్ వాళ్లను తమవాళ్లని ఒప్పుకుంది, వాళ్లూ పోతామన్నారు అన్నది ప్రభుత్వం మాట. వాళ్లను కలవనివ్వమని అడిగితే జవాబు రాలేదని ఐరాస శరణార్థి సంస్థ చెప్పింది.

పరీక్షగా చూడండి. తరిమినవాడే వచ్చి "వీడు మావాడే" అని సంతకం పెడితే అది గుర్తింపు అవుతుంది, రక్షణ ఎట్లా అవుతుంది? 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను బయటికి నెట్టింది ఆ రాజ్యమే. ఇక "ఇష్టపడే పోయారు" అన్న మాట. ఆరేళ్లు కటకటాల్లో ఉన్నవాడిని ఎవరడిగారు? ఏ భాషలో అడిగారు? పక్కన వకీలు ఉన్నాడా? "పోను" అంటే బయటికి వదిలేవాళ్లా, లేక మళ్లీ నిర్బంధమేనా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని ఇష్టం ఇష్టం కాదు.

చివరిగా భద్రత మాట. 33వ అధికరణం రెండో భాగంలోనే ఆ మినహాయింపు ఉంది: దేశభద్రతకు ముప్పని నమ్మటానికి సహేతుకమైన కారణాలున్నవాడు, లేదా ఘోరమైన నేరంలో తుది శిక్షపడి సమాజానికి ప్రమాదకరమైనవాడు ఈ రక్షణ అడగలేడు. అది ఫలానా మనిషి మీద, ఆధారంతో చూపాల్సింది. గుడిసెలన్నిటి మీదా ఒకేసారి వేసే ముద్ర కాదు. చిత్రహింసల ప్రమాదముంటే ఆ మినహాయింపు కూడా చెల్లదని యూరప్ మానవ హక్కుల కోర్టు 1996లోనే చెప్పింది. ఆ కేసు ఎవరిదో తెలుసా? కరమ్‌జీత్ సింగ్ చాహల్ అనే సిక్కుది. బ్రిటన్ అతన్ని పంపాలని చూసింది మన దేశానికే. మనోడిని కాపాడిన సూత్రం మన గడప దగ్గరికొచ్చినోడికి పనికిరాదా?

1946 విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకొచ్చింది. అందులోనూ శరణార్థి అంటే ఎవరో చెప్పలేదు. కనక మేం అడిగేది పెద్దదేం కాదు. పంపేముందు ఒక్కొక్కరినీ విడిగా, వాళ్ల భాషలో, వకీలు సమక్షంలో "అక్కడ నీకేం భయం?" అని అడగాలి. జవాబును రాసి, కారణాలతో నిర్ణయం ఇవ్వాలి. దానిమీద అప్పీలు తేలేదాకా బండి ఎక్కించొద్దు. భూమి తగాదాలో తప్పు తీర్పు వస్తే భూమి తిరిగిస్తారు. ఇక్కడ తప్పు జరిగితే తిరిగిచ్చేదేముంది?

మా తోటి పంతులు ఆ పూట జవాబు చెప్పలేదు. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. జవాబు చెప్పాల్సింది ఆయనొక్కడే కాదు.