ఆ అంకె ఎవరు చెప్పారు?

ఫలానా కళాకారుడి ఆస్తి ఇన్ని కోట్లంటూ వచ్చే వార్తలను నమ్మేముందు మైకేల్ జాక్సన్ కేసు గుర్తుచేసుకోవాలి. ఆయన 2009 జూన్ 25న మరణించారు. ఆయన పేరు, రూపం వాడుకునే హక్కు విలువ 2,105 డాలర్లేనని ఎస్టేట్ నిర్వాహకులు పన్ను రిటర్నులో చూపారు. అమెరికా పన్నుల శాఖ మొదట 43.4 కోట్ల డాలర్లంది. విలువ తగ్గితే వారికి పన్ను తగ్గుతుంది, పెరిగితే వీరికి రాబడి పెరుగుతుంది. ఇరుపక్షాల నిపుణులనూ విన్న పన్నుల కోర్టు 2021లో 41.5 లక్షల డాలర్లుగా తేల్చింది.

మూడింటిలో ఎదుటి పక్షం ప్రశ్నలకు నిలిచి, కారణాలతో సహా రాతపూర్వకంగా ఉన్నది కోర్టు అంకే. దానికీ ఒక హద్దుంది. అది మరణించిన రోజునాటి విలువ మాత్రమే. ఆరోపణలతో ఆయన పేరు దెబ్బతిని ఉన్న రోజులవి. తర్వాత వచ్చిన రాబడి ఆ లెక్కలోకి రాదు.

అప్పుల సంగతీ అంతే. రుణదాతలు ప్రొబేట్ కోర్టులో క్లెయిము వేసినంత మాత్రాన అది అప్పుగా రుజువైనట్టు కాదు. నిర్వాహకులు ఒప్పుకోవాలి, లేదా కోర్టు తేల్చాలి.

అందుకే అంకెతోపాటు అది ఏ తేదీదో, ఎవరు దాఖలు చేశారో, దాన్ని ఎవరు ప్రశ్నించారో చూడాలి. ఆ మూడూ లేని ‘నికర ఆస్తి’ వట్టి ఊహే.